ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరట్లేదా? మల్టీమీటర్ తీసే ముందు ఇది చదవండి

సంక్రాంతికి విజయవాడ వెళ్లినప్పుడు నాన్న కారు బయటకు తీశాను. ఇగ్నిషన్ ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డ్ మీద లైట్లన్నీ వెలిగి, ఒక్కొక్కటీ ఆరిపోయాయి. ఒక్కటి మాత్రం అలాగే ఉండిపోయింది. సీట్లో కూర్చున్న మనిషి, అతని ముందు గుండ్రంగా ఒక బంతి ఉండే బొమ్మ. ఎయిర్‌బ్యాగ్ లైట్.

"నాన్నా, ఇది ఎప్పటి నుంచి వెలుగుతోంది?" అని అడిగాను.

"దసరా ముందు నుంచి. బండి బాగానే నడుస్తోందిగా. ఒక షెడ్‌లో చూపిస్తే ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ పోయింది, ఇరవై ఎనిమిది వేలవుతుంది అన్నాడు. లైటుకి అంత ఖర్చెందుకని ఊరుకున్నా."

అంటే సుమారు నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో నాన్న వారానికి రెండుసార్లు హైవే మీద గుంటూరు వెళ్లొచ్చాడు. మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారైన ప్రతి కారులో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. నాన్న కారులో ముందు రెండూ, సీట్ల పక్కన రెండూ ఉన్నాయి. కానీ లైట్ వెలుగుతున్నప్పుడు వాటిలో ఏది తెరుచుకుంటుందో, ఏది తెరుచుకోదో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. కొన్ని కార్లలో తప్పు ఉన్న సర్క్యూట్ ఒక్కటే ఆగిపోతుంది, కొన్నింటిలో సిస్టమ్ మొత్తం పక్కకు తప్పుకుంటుంది.

నేను రోజంతా కోడ్ డీబగ్ చేసేవాణ్ణి. బ్యాగ్‌లో బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఉంది, ఇంట్లో నా బీటెక్ నాటి మల్టీమీటర్ ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ రోజు నేను చేయబోయిన పనీ, చివరికి ప్రాబ్లమ్ ఎలా దొరికిందీ మీకు చెబుతాను.

డాంగిల్ "అంతా ఓకే" అంది, ఎందుకు?

ముందు డాంగిల్ పెట్టి ఫోన్‌లో టెర్మినల్ యాప్ తెరిచాను. స్టోర్ అయిన ఎర్రర్ కోడ్స్ ఇమ్మని అడిగితే వచ్చిన జవాబు ఇది.

```
>03
43 00
```

`43` అంటే నా ప్రశ్నకి జవాబు, `00` అంటే కోడ్స్ సున్నా. లైట్ వెలుగుతోంది, కోడ్ మాత్రం లేదు. "ఇది ఫాల్స్ అలారం" అని నాకు నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను.

నా తప్పు ఎక్కడుందంటే, `03` అనేది పొగకి, ఇంజిన్‌కి సంబంధించిన కోడ్స్ అడిగే కమాండ్. దానికి జవాబిచ్చింది ఇంజిన్ కంప్యూటర్. ఎయిర్‌బ్యాగ్‌కి వేరే కంప్యూటర్ ఉంటుంది, చాలా కార్లలో గేర్ లివర్ దగ్గర కన్సోల్ కింద. దాని అడ్రస్ వేరు, దాన్ని అడిగే పద్ధతి వేరు. ఉచిత యాప్‌లలో చాలావరకు దాన్ని అసలు పలకరించవు. వేరే సర్వర్ లాగ్ చూసి ఈ సర్వర్ బాగుందని చెప్పడం లాంటిదే నేను చేసింది. మీ దగ్గర డాంగిల్ ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. యాప్‌లో ఎయిర్‌బ్యాగ్ లేదా ఎస్ఆర్ఎస్ అనే మాడ్యూల్ విడిగా కనిపించి, అది జవాబిస్తేనే ఆ రీడింగ్‌కి విలువ.

కోడ్ లేదని నమ్మాక నా బుర్ర వైరింగ్ మీదకి వెళ్లింది. ఎడమ సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఒకటి కనిపించింది. దాన్ని ఊడదీసి, ఏ వైర్లో కరెంట్ వస్తోందో చూద్దామనుకున్నాను. మల్టీమీటర్‌లో బ్యాటరీ అయిపోవడంతో పాత ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి టెస్ట్ ల్యాంప్ తయారు చేసుకున్నాను. సరిగ్గా అప్పుడే బాబాయ్ వచ్చాడు. ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ల నుంచి ఆటో ఎలక్ట్రీషియన్.

"ఏరా, ఏం చేస్తున్నావ్?"

"కరెంట్ వస్తోందో లేదో చూస్తున్నా బాబాయ్."

"ముందు బయటికి రా. పసుపు వైర్ దగ్గర ల్యాంప్ పెట్టే వాణ్ణి నా షెడ్‌లో రెండో రోజు ఉంచను."

పసుపు వైర్ చివర ఏముంటుంది?

ఎయిర్‌బ్యాగ్ వెనక ఇన్‌ఫ్లేటర్ అనే లోహపు డబ్బా ఉంటుంది. దానికి నిప్పు పెట్టే చిన్న భాగాన్ని స్క్విబ్ అంటారు. వెంట్రుక లాంటి సన్నటి వైరు, దాని చుట్టూ కొంచెం మందు. వైరు వేడెక్కితే మందు అంటుకుంటుంది, అది ఇన్‌ఫ్లేటర్‌ని రగిలిస్తుంది, కనురెప్ప వేసేలోపు బ్యాగ్ నిండిపోతుంది. దీపావళి టపాకాయ వత్తిని కరెంట్‌తో వెలిగించినట్టే.

ఆ సన్న వైరు రెసిస్టెన్స్ సుమారు 2 ఓమ్‌లు. మామూలుగా వాడే స్క్విబ్‌లకి రెండు హద్దులు పెట్టారు. 1.2 యాంపియర్ల కరెంట్ 2 మిల్లీ సెకన్లు వెళ్తే అది తప్పకుండా పేలాలి. 0.4 యాంపియర్లు 10 సెకన్లు వెళ్లినా పేలకూడదు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో ఎవరూ మాట ఇవ్వరు.

ఇప్పుడు నా బల్బు లెక్క చూద్దాం. అది 12 వోల్టులు, 5 వాట్లు. పేపర్ మీద 5 ని 12 తో భాగిస్తే సుమారు 0.42 యాంపియర్లు. 0.4 కి కాస్త పైన, 1.2 కి చాలా కింద. పర్లేదనిపిస్తుంది కదా? నేనూ అదే అన్నాను. తర్వాత మళ్లీ లెక్క వేస్తే నాకే భయమేసింది.

ఆ 0.42 బల్బు వెలిగిన తర్వాత వచ్చే కరెంట్. వెలుగుతున్నప్పుడు దాని ఫిలమెంట్ రెసిస్టెన్స్ దాదాపు 29 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు అందులో సుమారు పదో వంతే, అంటే 3 ఓమ్‌లు. దానికి స్క్విబ్ 2 ఓమ్‌లు కలిపితే 5. 12 ని 5 తో భాగిస్తే 2.4 యాంపియర్లు. ఫిలమెంట్ వేడెక్కి కరెంట్ తగ్గడానికి పదుల మిల్లీ సెకన్లు పడుతుంది. స్క్విబ్‌కి కావాల్సింది 1.2 యాంపియర్లు, 2 మిల్లీ సెకన్లు. అంటే బల్బు వెలగకముందే పని అయిపోతుంది. ఆ సమయానికి నా మొహం సీటు పక్కన, బ్యాగ్ చీల్చుకుని బయటికొచ్చే చోటికి జానెడు దూరంలో ఉంది.

మరి మల్టీమీటర్ సంగతి?

ఇక్కడ నిజం నిజంగానే చెప్పాలి. మామూలు డిజిటల్ మల్టీమీటర్‌ని ఓమ్ మోడ్‌లో పెడితే అది పంపే కరెంట్ దాదాపు ఒక మిల్లీ యాంపియర్. 0.4 యాంపియర్ల హద్దులో అది నాలుగు వందో వంతు. కాబట్టి "మీటర్ తగిలితే బ్యాగ్ పేలిపోతుంది" అనే మాట ఆ ఒక్క మోడ్ వరకు అతిశయోక్తే. అయినా సర్వీస్ మాన్యువల్స్ అన్నీ స్క్విబ్‌ని నేరుగా మీటర్‌తో కొలవొద్దనే చెబుతాయి. బాబాయ్ చెప్పింది, నాకు అర్థమైంది కలిపితే మూడు కారణాలు.

మొదటిది, మీటర్ ఎప్పుడూ ఓమ్ మోడ్‌లోనే ఉంటుందన్న నమ్మకం లేదు. ఎర్ర ప్రోబ్ 10 యాంపియర్ల రంధ్రంలో మర్చిపోయి వదిలేయడం మనందరం చేసిన పనే. అప్పుడు మీటర్ అంటే ఒక వైరు ముక్క. చౌక మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజ్ కూడా ఉండదు. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్ల పక్కనే 12 వోల్టుల వైర్లు కూడా ఉండొచ్చు. ఒక ప్రోబ్ దాని మీద, ఇంకో ప్రోబ్ దీని మీద పడితే ఏమవుతుందో పైన లెక్క చూశారు.

రెండోది, వచ్చే రీడింగ్ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లలో షార్టింగ్ బార్ అనే చిన్న స్ప్రింగ్ ముక్క ఉంటుంది. కనెక్టర్ ఊడగానే అది రెండు పిన్నుల్నీ కలిపేస్తుంది. స్టాటిక్ వల్లో, ఏదో ఒక వైరు తగలడం వల్లో పిన్నుల మధ్య వోల్టేజ్ పుట్టి బ్యాగ్ పేలకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. అది తెలియకుండా ఊడిన కనెక్టర్‌లో ప్రోబ్ పెడితే దాదాపు సున్నా ఓమ్‌లు చూపిస్తుంది. "వైరు షార్ట్ అయింది" అని వైరింగ్ మొత్తం విప్పేస్తారు. అక్కడ తప్పేమీ ఉండదు, కనెక్టర్ తన పని తాను చేసింది.

మూడోది, నా దృష్టిలో అసలు నష్టం ఇదే. ఈ పిన్నులు చాలా చిన్నవి. లావుపాటి ప్రోబ్ మొన దూర్చితే ఆడ పిన్ను నోరు తెరుచుకుంటుంది, తర్వాత మగ పిన్నుని గట్టిగా పట్టుకోదు. మిగతా చోట్ల ఒక ఓమ్ పెరిగితే ఎవరికీ పట్టదు. ఇక్కడ మొత్తం సర్క్యూటే 2 ఓమ్‌లు కాబట్టి ఒకటి రెండు ఓమ్‌లు పెరిగినా కంప్యూటర్ దాన్ని తప్పుగా రాసుకుంటుంది. అంటే మీరు వెతుకుతున్న ఫాల్ట్‌ని మీ ప్రోబే తయారు చేసిందన్నమాట. వైరు తొక్కకి సూది గుచ్చి కొలవడమూ అంతే. ఆ రంధ్రంలోంచి తడి చేరి ఏడాదికో రెండేళ్లకో లోపల రాగి పచ్చబడుతుంది.

కొలిచే పని కంప్యూటరే చేస్తోంది

బాబాయ్ తన స్కానర్ తెచ్చి ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ని తెరిచాడు. రెండు కోడ్స్ వచ్చాయి.

```
B0001-1B
B0020-1B
```

`B0001` డ్రైవర్ ముందు ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్. `B0020` ఎడమ పక్క ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్, అంటే మన కార్లలో ముందు ప్యాసింజర్ సీటు వైపు. చివర ఉన్న `1B` అంటే రెసిస్టెన్స్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ. అదే చోట `1A` ఉంటే తక్కువ అని, `13` ఉంటే సర్క్యూట్ తెగిందని అర్థం.

ఆ కంప్యూటర్ ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపు ప్రతి స్క్విబ్‌కీ చాలా చిన్న కరెంట్ పంపి రెసిస్టెన్స్ కొలుస్తూనే ఉంటుంది. అంటే మనం మల్టీమీటర్‌తో చేద్దామనుకున్న పని అది సురక్షితంగా, కనెక్టర్లన్నీ పెట్టి ఉండగానే చేసేస్తోంది. చాలా కార్లలో ఆ విలువ స్కానర్ లైవ్ డేటాలో కనిపిస్తుంది కూడా. నాన్న కారులో డ్రైవర్ బ్యాగ్ 4.6, ఎడమ పక్క బ్యాగ్ 5.1, మిగతా రెండూ 2.3 దగ్గర ఉన్నాయి.

"కంప్యూటర్ పోయుంటే ఆ రెండూ ఎలా కరెక్ట్‌గా చూపిస్తోంది?" అన్నాడు బాబాయ్. ఇరవై ఎనిమిది వేల అంచనా అక్కడితో నా నమ్మకంలోంచి పోయింది. రెండు లైన్లలో రెసిస్టెన్స్ పెరిగింది, ఎక్కడో కనిపెట్టాలి, అంతే.

మొదటి తప్పు: సీటు కింద కనెక్టర్

ఏదైనా ముట్టుకునే ముందు బాబాయ్ ఇగ్నిషన్ ఆఫ్ చేసి, కీ జేబులో వేసుకుని, బ్యాటరీ నెగటివ్ తీసి దానికి గుడ్డ చుట్టాడు. తర్వాత టీ తాగుదాం రమ్మన్నాడు. ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో పెద్ద కెపాసిటర్ ఉంటుంది. ఢీకొన్నప్పుడు బ్యాటరీ వైర్ ముందే తెగిపోయినా బ్యాగ్ తెరుచుకోవాలని దాంట్లో కరెంట్ దాచి పెడతారు. అది ఖాళీ అయ్యే వరకు ఆగాలి. ఎంతసేపన్నది కారుని బట్టి మారుతుంది, ఆ కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. నాన్న కారుకి మూడు నిమిషాలు, బాబాయ్ మాత్రం పది నిమిషాలు ఆగాడు.

తర్వాత ఎడమ సీటు వెనక్కి జరిపి టార్చ్ వేశాడు. పసుపు కనెక్టర్ పెట్టే ఉంది, కానీ పూర్తిగా లోపలికి వెళ్లలేదు. దాని మీద రెండో తాళంగా ఉండే చిన్న ప్లాస్టిక్ క్లిప్ బయటికే ఉంది. ఈ క్లిప్ కనెక్టర్ సరిగ్గా కూర్చుంటేనే లోపలికి దిగుతుంది. దిగలేదంటేనే ఏదో తేడా ఉన్నట్టు.

"అన్నయ్యా, సీటు కవర్లు ఎప్పుడు వేయించావ్?" అని నాన్నని అడిగాడు.

నాన్న కాసేపు ఆలోచించి, "ఆగస్టులో" అన్నాడు.

కవర్లు వేసే కుర్రాళ్లు పని సులువుగా ఉంటుందని సీటు విప్పుతారు, కనెక్టర్ ఊడదీస్తారు, మళ్లీ సగం నొక్కి వదిలేస్తారు. ఆ తర్వాత సీటు ముందుకీ వెనక్కీ జరిగినప్పుడల్లా ఆ పిన్నులు వెంట్రుకవాసి కదులుతూ రాసుకుంటాయి. రాసుకున్న చోట పలుచటి తుప్పు పొర పేరుకుని రెసిస్టెన్స్ పెరుగుతుంది. సీటు కిందకి గొడుగు, వాటర్ బాటిల్ తోసినా, కారు వాష్‌లో వాక్యూమ్ పైపు తగిలినా ఇదే జరగొచ్చు.

బాబాయ్ కనెక్టర్ ఊడదీసి పిన్నులు చూశాడు. వంగలేదు, పచ్చబడలేదు. స్ప్రే ఏమీ కొట్టలేదు. టక్‌మని చప్పుడు వచ్చే వరకు నొక్కి, క్లిప్ దించి, వైరుని సీటు పట్టాలకి తగలకుండా దాని పాత హుక్‌లో పెట్టాడు. కారులో ఎవరూ లేకుండా బ్యాటరీ కలిపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే రీడింగ్ 2.4. మళ్లీ ఇగ్నిషన్ ఆఫ్ చేసి, సీటు ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపి, ఆన్ చేసి చూస్తే కూడా 2.4. పిన్నులు పాడై ఉంటే వాటిని కంపెనీ ఇచ్చే కొత్త పిన్నులతో మార్చాలి తప్ప, వైర్లు కత్తిరించి మెలిపెట్టి టేపు చుట్టకూడదని చెప్పాడు.

ఇంకో మాట కూడా అన్నాడు. ఆ సీటు కవర్ పక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటుకి పనికొచ్చేది కాదు. బ్యాగ్ బయటికి రావాల్సిన పక్క కుట్టుని అది బిగించి మూసేసింది. నాన్న ఆ సాయంత్రమే రెండు కవర్లూ తీయించాడు.

రెండో తప్పు: క్లాక్ స్ప్రింగ్

స్టీరింగ్ రెండు వైపులా తిరుగుతుంది. దాని మధ్యలో ఉన్న ఎయిర్‌బ్యాగ్‌కి మాత్రం వైర్ తెగకుండా చేరాలి. అందుకోసం స్టీరింగ్ వెనక గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో పలుచటి రిబ్బన్ కేబుల్‌ని గడియారం స్ప్రింగ్‌లా చుట్టి పెడతారు. ఒక వైపు తిప్పితే చుట్టుకుంటుంది, ఇంకో వైపు తిప్పితే వదులవుతుంది. అదే క్లాక్ స్ప్రింగ్. ఎయిర్‌బ్యాగ్‌తో పాటు హారన్, స్టీరింగ్ మీదుండే వాల్యూమ్ బటన్ల వైర్లు కూడా దాంట్లోంచే వెళ్తాయి.

అందుకే బాబాయ్ నాన్నని అడిగిన ప్రశ్న హారన్ గురించి. "అవును, ఎడమ వైపు తిప్పుతూ కొడితే ఒక్కోసారి మోగట్లేదు. హారన్ పాతబడిందనుకున్నా" అన్నాడు నాన్న. ఎయిర్‌బ్యాగ్ లైటుతో పాటు హారన్ లేదా స్టీరింగ్ బటన్లు కూడా మొరాయిస్తుంటే ముందు అనుమానించాల్సింది క్లాక్ స్ప్రింగ్‌నే.

కానీ అనుమానం మీద పార్ట్ కొనకూడదు. బ్యాగ్‌లో తప్పు ఉందా, క్లాక్ స్ప్రింగ్‌లోనా, కింద వైరింగ్‌లోనా తేల్చాలి. దీనికి వాడిన పద్ధతి చూసి నాకు ముచ్చటేసింది. అచ్చం మనం గిట్‌లో బైసెక్ట్ చేసి ఏ కమిట్‌లో బగ్ వచ్చిందో పట్టుకున్నట్టే ఉంది.

మళ్లీ బ్యాటరీ తీసి, పది నిమిషాలు ఆగి, చక్రాలు నేరుగా ఉన్నాయని చూసుకుని డ్రైవర్ బ్యాగ్ విప్పాడు. దాన్ని ఒంటికి దూరంగా, కవర్ వైపు బయటికి ఉండేలా పట్టుకుని తీసుకెళ్లి, కవర్ పైకి ఉండేలా నేల మీద పెట్టాడు. బోర్లా పెడితే, పొరపాటున పేలినప్పుడు బ్యాగ్ నేలని తన్ని ఆ లోహపు డబ్బా పైకి ఎగురుతుంది. పైకి ఉంటే గుడ్డ మాత్రమే గాల్లోకి లేస్తుంది.

బ్యాగ్ స్థానంలో సరిపోయే కనెక్టర్ ఉన్న 2 ఓమ్‌ల టెస్ట్ రెసిస్టర్ పెట్టాడు. బ్యాటరీ కలిపి స్కానర్‌లో చూస్తే ఇంకా 4.4 ఉంది. అంటే బ్యాగ్‌లో తప్పు లేదు. స్టీరింగ్ మెల్లగా ఎడమకి తిప్పితే ఒకటిన్నర చుట్టు దగ్గర 7 దాటి, ఆ తర్వాత సర్క్యూట్ తెగినట్టు చూపించింది. కుడికి తిప్పితే 4 దగ్గరికి తగ్గింది.

మళ్లీ బ్యాటరీ తీసి, అదే రెసిస్టర్‌ని ఈసారి క్లాక్ స్ప్రింగ్‌కి కింద వైపున్న కనెక్టర్ దగ్గర, వైరింగ్ వైపు పెట్టాడు. రీడింగ్ 2.1, స్టీరింగ్ ఎటు తిప్పినా కదల్లేదు. వైరింగ్ బాగుంది, కంప్యూటర్ బాగుంది. ఈ రెండు చోట్ల మధ్య మిగిలింది క్లాక్ స్ప్రింగ్ ఒక్కటే. ఈ మొత్తం పరీక్షలో స్క్విబ్‌కి ఒక్క ప్రోబ్ కూడా తగల్లేదు, మా మీటర్ అసలు ఆన్ అవ్వలేదు.

డబ్బా విప్పి చూస్తే రిబ్బన్ ఒక మడత దగ్గర చిట్లి ఉంది. దీనికీ ఒక చరిత్ర ఉంది. దసరాకి కొన్ని వారాల ముందు నాన్న ఒక చోట స్టీరింగ్ ర్యాక్ పని చేయించాడు. ర్యాక్ దించేటప్పుడు స్టీరింగ్‌ని కదలకుండా కట్టాలి. కట్టకపోతే కింద ఏ ఆటంకమూ లేక స్టీరింగ్ ఒక చుట్టు అదనంగా తిరిగిపోవచ్చు. అలాగే బిగిస్తే క్లాక్ స్ప్రింగ్ మధ్య స్థానం ఒక చుట్టు తప్పుతుంది. తర్వాత ఒక వైపు పూర్తిగా తిప్పిన ప్రతిసారీ రిబ్బన్ పొడవు చాలక లాగినట్టవుతుంది. కొన్నాళ్లకి చిట్లుతుంది. మా కారులో సరిగ్గా ఎడమ వైపే తెగడానికి అదే కారణమని బాబాయ్ అంచనా.

కొత్త క్లాక్ స్ప్రింగ్ మధ్య స్థానంలో లాక్ పిన్‌తో వస్తుంది. బిగించే వరకు ఆ పిన్ తీయకూడదు, సరదాకి కూడా తిప్పి చూడకూడదు. పిన్ ముందే ఊడిపోయిన పీస్ షాపులో ఇస్తే తీసుకోవద్దు. పార్టుకీ, స్టీరింగ్ బోల్టుకీ కలిపి మాకు ఐదు వేల లోపే అయింది. బిగించాక కోడ్స్ చెరిపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే లైట్ ఆరు సెకన్లు వెలిగి ఆరిపోయింది. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పినా డ్రైవర్ బ్యాగ్ రీడింగ్ 2.5 దగ్గరే నిలబడింది. నాన్న మాత్రం ముందు హారన్ కొట్టి చూసుకున్నాడు.

మరి మనం ఏం చేయొచ్చు?

చేతులు పెట్టకుండానే మెకానిక్‌కి సగం పని తగ్గించొచ్చు. లైట్ ఎప్పుడు మొదలైంది, దానికి ముందు రెండు మూడు నెలల్లో సీటు కవర్లు, కారు వాష్, స్టీరింగ్ పని, మ్యూజిక్ సిస్టమ్ ఏమైనా జరిగాయా అని రాసుకోండి. స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు, రెండు వైపులా తిప్పినప్పుడు హారన్, బటన్లు పని చేస్తున్నాయా చూడండి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి సీటు కింద టార్చ్ వేసి, అక్కడ ఇరుక్కున్న సామాను తీసేయండి. కనెక్టర్‌ని కళ్లతో చూడండి, చేత్తో కదపొద్దు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా దాన్ని ఊడదీస్తే కొత్త కోడ్ ఒకటి చేరుతుంది. చాలా కార్లలో మళ్లీ పెట్టినా స్కానర్‌తో చెరిపే వరకు లైట్ ఆరదు.

షెడ్‌కి వెళ్లాక కోడ్స్ పూర్తిగా, చివరి రెండు అక్షరాలతో సహా ఫోటో తీసుకోండి. కంప్యూటర్ మార్చాలి అంటే, మిగతా సర్క్యూట్ల రీడింగ్ ఎంత ఉందో, టెస్ట్ రెసిస్టర్ పెట్టి చూశారా అని అడగండి. చూడకుండా చెబుతుంటే ఇంకో చోటికి వెళ్లండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఒక మాట. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైట్ అసలు వెలగకపోతే దాన్ని ఎవరో తీసేశారని అనుమానించండి. ఇంకో మోసం దీనికంటే కష్టంగా దొరుకుతుంది. బాబాయ్ పరీక్షకి వాడిన 2 ఓమ్‌ల రెసిస్టర్‌నే పేలిపోయిన బ్యాగ్ స్థానంలో శాశ్వతంగా పెట్టేస్తారు. లైట్ చక్కగా వెలిగి ఆరిపోతుంది, స్కానర్ కూడా 2 ఓమ్‌లు చూపిస్తుంది, లోపల బ్యాగ్ మాత్రం ఉండదు. అందుకే యాక్సిడెంట్ చరిత్ర ఉన్న కారైతే స్టీరింగ్ కవర్ విప్పి లోపల చూపించమని, తెలిసిన మెకానిక్‌తో చేయించండి.

ఆ టెస్ట్ ల్యాంప్ ఇంకా నా దగ్గరే ఉంది. హెడ్‌లైట్, హారన్ వైర్లు చూడటానికి అది మంచి పనిముట్టే. సీటు కింద వెతికేటప్పుడు మాత్రం దాన్ని కారు బయటే వదిలేస్తున్నా.